త్రిభుజంలో మూడు కోణాలు కలిస్తే సరళ కోణమే ఎందుకవుతుంది? ఒక్కో మెట్టుగా నిరూపణ

ప్రశ్న: త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే 180° అని బట్టీ పట్టాను. కోణమానితో కొలిస్తే ఒకసారి 179, ఒకసారి 182 వస్తోంది. పుస్తకంలో పై మూల గుండా ఒక సమాంతర రేఖ గీసి రెండు లైన్లలో నిరూపణ ముగించేశారు. అసలు ఆ గీత ఎందుకు గీయాలి? ఏకాంతర కోణాలు సమానమని ఎలా నమ్మాలి? మొదలుపెట్టేవాళ్లకు అర్థమయ్యేలా ఒక్కో మెట్టు చెప్పండి. ఒక కోణం 90° దాటిన త్రిభుజానికి వేరే నిరూపణ కావాలా?

సమాధానం:

సరళ కోణం ఏమిటో డిగ్రీలతో పని లేకుండానే చెప్పుకోవచ్చు. ఒక సరళరేఖ మీద ఎక్కడో ఒకచోట A అనే బిందువు పెట్టండి. A నుంచి ఆ రేఖ వెంటే ఎడమకు ఒక కిరణం, కుడికి ఒక కిరణం బయల్దేరతాయి. ఆ రెండు కిరణాల మధ్య కోణమే సరళ కోణం. దాన్ని 180 సమాన భాగాలు చేసి, ఒక్కో భాగానికి డిగ్రీ అని పేరు పెట్టారు, అంతే. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ ఈ సంగతిని నిరూపించినప్పుడు డిగ్రీల ఊసే ఎత్తలేదు. మూడు కోణాలూ కలిపి రెండు లంబకోణాలకు సమానం అన్నాడు.

కాబట్టి మన పని ఇది: త్రిభుజంలోని మూడు కోణాలను ఒకే బిందువు దగ్గరికి తెచ్చి, మధ్యలో ఖాళీ లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పెట్టాలి. అప్పుడు ఈ చివరి అంచు, ఆ చివరి అంచు ఒకే సరళరేఖలో ఉంటాయని చూపించాలి.

మీ కోణమాని తప్పేమీ లేదు. ఒక్కో కోణం కొలిచేటప్పుడు ఒక డిగ్రీ అటూ ఇటూ పోవడం మామూలే. మూడుసార్లు కొలిచి కలిపితే మొత్తంలో మూడు డిగ్రీల దాకా తేడా రావచ్చు. మూలలు చింపి పక్కపక్కన అతికించే పద్ధతిలోనూ ఇదే చిక్కు. అంచులు ఒకే గీతలో ఉన్నట్టు కంటికి కనిపిస్తాయి, కానీ నిజంగా 180 అయినా, 179.9 అయినా కన్ను ఒకేలా చూస్తుంది. పైగా మీరు చింపింది ఒక్క త్రిభుజాన్నే. ఇంకో ఆకారంలో ఉన్న త్రిభుజం సంగతి దాంతో తేలదు. అయినా ఆ చింపిన కాగితాన్ని పూర్తిగా తీసిపారేయకండి. కోణాలను ఒకచోటికి చేర్చాలన్న ఆలోచన అందులోనే ఉంది. కాగితం చింపకుండా, తర్కంతోనే అవే మూలలను జరపడమే పుస్తకంలోని నిరూపణ.

ఇప్పుడు బొమ్మ వేద్దాం. BC అనే భుజాన్ని 8 సెంటీమీటర్లు అడ్డంగా గీయండి, B ఎడమవైపు, C కుడివైపు. B దగ్గర 50°, C దగ్గర 60° కోణాలు పెట్టి భుజాలు పైకి గీస్తే అవి A దగ్గర కలుస్తాయి. A దగ్గర కోణం ఎంతో ఇప్పుడే రాయకండి. మనం నిరూపించాల్సింది దాని మీదే ఆధారపడి ఉంది, ముందే 70 అని రాసేస్తే నిరూపణ మొదలుకాకుండానే ముగిసినట్టు.

A దగ్గర త్రిభుజపు కోణం ఒకటి ఇప్పటికే కూర్చుని ఉంది. దాన్ని కదిలించం. B దగ్గరి కోణాన్ని తెచ్చి దాని ఎడమ పక్కన, C దగ్గరి కోణాన్ని తెచ్చి దాని కుడి పక్కన పెడతాం. A గుండా గీసే గీతకు ఉన్న పని ఇదే. అది పైన ఎడమా కుడీ రెండు కోణాలను ఏర్పరుస్తుంది, ఆ రెండూ B, C కోణాలకు నకళ్లు కావాలి.

ఇక్కడే చాలామంది జారిపడే చోటు ఒకటి ఉంది. A గుండా గీతను కంటి అంచనాతో గీశారనుకుందాం. అది BCకి సమాంతరంగా లేకుండా 5° వంగింది. కొలిచి చూస్తే పైన ఎడమవైపు 55°, మధ్యలో 70°, కుడివైపు 55° వస్తాయి. కలిపితే 180! ‘చూశారా, వచ్చేసింది’ అనిపిస్తుంది. కానీ అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. త్రిభుజం మొత్తం ఒక్క వైపే ఉండేలా A గుండా ఏ గీత గీసినా, ఆ వైపున ఏర్పడే మూడు కోణాల మొత్తం సరళ కోణమే, ఎందుకంటే అవి ఒక సరళరేఖ మీద కూర్చున్నాయి. త్రిభుజం గురించి దాంతో మనకు తెలిసింది సున్నా. ఎడమవైపు 55 అనేది B దగ్గరి 50 కాదు, కుడివైపు 55 అనేది C దగ్గరి 60 కాదు. ఆ గీతకు BCతో సంబంధం ఉన్నప్పుడే, అంటే సమాంతరంగా ఉన్నప్పుడే, పై కోణాలు కింది కోణాలకు విడివిడిగా సమానమవుతాయి. గీత గీయడం సులువు, ఆ సమానత్వాన్ని నిలబెట్టడంలోనే నిరూపణ బలమంతా ఉంది.

దీనికి పుస్తకాలు ‘ఏకాంతర కోణాలు సమానం’ అని ఒక మాట రాసి వదిలేస్తాయి. మీరు అడిగింది సరిగ్గా అదే కాబట్టి దాన్ని విప్పి చూద్దాం. నేను పుస్తకంలో కంటే కాస్త వేరే దారిలో వెళ్తాను. ముందు సమాంతర రేఖ గీసి తర్వాత కోణాలు చూసే బదులు, ముందు కోణాన్ని జరిపి తర్వాత ఏ గీత వచ్చిందో చూద్దాం.

AB భుజానికి సరిగ్గా మధ్యలో M అనే బిందువు గుర్తుపెట్టండి. పలుచని కాగితం మీద ఈ బొమ్మకు నకలు తీసి, దాన్ని అసలు బొమ్మ మీదే పెట్టి, M దగ్గర గుండుసూది గుచ్చండి. ఇప్పుడు పై కాగితాన్ని సూది చుట్టూ సగం చుట్టు తిప్పండి. M మధ్యబిందువు కాబట్టి నకలులోని B వచ్చి అసలు A మీద పడుతుంది, నకలులోని A వెళ్లి అసలు B మీద పడుతుంది. B దగ్గరి కోణం మొత్తం అలాగే, ఏమీ మారకుండా, A దగ్గరికి వచ్చేసింది. తిప్పినంత మాత్రాన కోణం పెరగదు, తరగదు. దాని ఒక అంచు AB వెంటే ఉంది. రెండో అంచు, అంటే మొదట B నుంచి కుడికి C వైపు పోయిన అంచు, సగం చుట్టు తిరిగింది కాబట్టి ఇప్పుడు A నుంచి ఎడమకు పోతోంది. ఆ అంచు మీద D అనే బిందువు పెట్టండి. ∠DAB = ∠B. ఈ కోణం AB గీతకు త్రిభుజం లేని వైపున పడింది, కాబట్టి ∠A మీద ఎక్కలేదు. పక్కన చక్కగా ఆనుకుని ఉంది.

సూది పట్టుకోవడం కేవలం చూడటానికే. తర్కంలో దాని స్థానంలో ఉన్నది ‘M చుట్టూ సగం చుట్టు తిప్పడం’ అనే కదలిక మాత్రమే, అది ఏ త్రిభుజానికైనా ఒకేలా పనిచేస్తుంది. కొలతలు ఎక్కడా వాడలేదని గమనించండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. AD అనే ఈ కొత్త గీత BCకి సమాంతరమేనా? సమాంతరం కాదనుకుందాం. అప్పుడు AD, BC గీతలను రెండు వైపులా పొడిగిస్తే ఎక్కడో ఒకచోట కలవాలి. ఆ చోటుకు P అని పేరు పెడదాం. బొమ్మను M చుట్టూ సగం చుట్టు తిప్పితే BC గీత AD గీత అవుతుంది, AD గీత BC గీత అవుతుంది, రెండూ చోట్లు మార్చుకుంటాయి. మరి P రెండు గీతల మీదా ఉంది కదా. తిప్పాక అది M కి అవతలి వైపున Q అనే చోట పడుతుంది, ఆ Q కూడా రెండు గీతల మీదా ఉండాల్సిందే. అంటే రెండు వేర్వేరు సరళరేఖలు P దగ్గర ఒకసారి, Q దగ్గర ఇంకోసారి కలుస్తున్నాయి. రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోతుంది కాబట్టి అది కుదరదు. అందువల్ల P అనే బిందువే లేదు. AD, BC సమాంతరాలు.

ఈ పేరా ఒకసారి చదివితే అందకపోవచ్చు. బొమ్మ పక్కన పెట్టుకుని P ని కుడివైపు దూరంగా ఊహించి, అది తిరిగితే ఎక్కడ పడుతుందో వేలితో చూపిస్తూ చదివితే తొందరగా దారికి వస్తుంది.

ఇదే పని కుడివైపు చేయండి. AC మధ్యబిందువు N. N చుట్టూ సగం చుట్టు తిప్పితే C వచ్చి A మీద పడుతుంది. C దగ్గరి కోణం A దగ్గరికి వచ్చి ∠A కు కుడి పక్కన ఆనుతుంది. C నుంచి ఎడమకు B వైపు పోయిన అంచు ఇప్పుడు A నుంచి కుడికి పోతుంది. దాని మీద E అనే బిందువు పెట్టండి. ∠EAC = ∠C. పైన చెప్పిన కారణంతోనే AE కూడా BCకి సమాంతరం.

ఇప్పుడు A దగ్గర మూడు కోణాలూ వరసగా ఉన్నాయి: ఎడమ చివర D వైపు అంచు, తర్వాత AB, తర్వాత AC, కుడి చివర E వైపు అంచు. ఒక్క పని మిగిలింది. D, A, E ఒకే సరళరేఖలో ఉన్నాయా, లేక A దగ్గర కొద్దిగా వంపు ఉందా? ఉంటే మొత్తం 180 కాదు.

ఇక్కడ తర్కం ఒక్కటే సరిపోదు, ఒక విషయాన్ని ఒప్పుకుని ముందుకు పోవాలి. అది ఇది: ఒక రేఖ, దాని మీద లేని ఒక బిందువు ఇస్తే, ఆ బిందువు గుండా ఆ రేఖకు ఒకే ఒక్క సమాంతర రేఖ ఉంటుంది. జ్యామితిలో ఇలా నిరూపణ లేకుండా ఒప్పుకునేదాన్ని స్వీకృతం అంటారు. యూక్లిడ్ ఐదో స్వీకృతం వేరే మాటల్లో ఉంటుంది కానీ, మిగతా స్వీకృతాలతో కలిపి చూస్తే దాని ఫలితం ఇదే. AD గీత A గుండా పోతూ BCకి సమాంతరం. AE గీత కూడా A గుండా పోతూ BCకి సమాంతరం. అలాంటి గీత ఒక్కటే ఉండగలదు కాబట్టి AD, AE ఒకే గీత. A నుంచి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. కాబట్టి ∠DAE సరళ కోణం.

∠DAB + ∠BAC + ∠CAE = సరళ కోణం
∠B + ∠A + ∠C = 180°

ఇప్పుడు మన బొమ్మలో A దగ్గరి కోణం రాసుకోవచ్చు: 180 − 50 − 60 = 70°.

పరీక్షలో ఇంత రాయనక్కర్లేదు. అక్కడ ఏకాంతర కోణాల సిద్ధాంతం ముందే నిరూపించినట్టు లెక్క, దాన్ని వాడుకోవచ్చు. A గుండా BCకి సమాంతరంగా DE గీశామని మొదట చెప్పండి. AB తిర్యగ్రేఖ కాబట్టి ∠DAB = ∠B, ఏకాంతర కోణాలు. AC తిర్యగ్రేఖ కాబట్టి ∠EAC = ∠C, ఏకాంతర కోణాలు. DAE సరళరేఖ కాబట్టి ∠DAB + ∠BAC + ∠EAC = 180°. మొదటి రెండు సమానత్వాలు ఇందులో పెడితే అయిపోయింది. మార్కులు పోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, ‘సమాంతరంగా గీశాం’ అనే మాట రాయకపోవడం. అది లేకపోతే తర్వాతి వాక్యాలకు ఆధారం ఉండదు. రెండోది, తప్పు జతను పట్టుకోవడం, ∠DAB = ∠C అని రాయడం లాంటిది. ఏ తిర్యగ్రేఖ వెంట పోతున్నామో చూసుకుంటే ఈ పొరపాటు రాదు. AB వెంట నడిస్తే ఒక చివర A, ఇంకో చివర B, కాబట్టి A దగ్గరి కోణం B దగ్గరి కోణంతోనే జతపడుతుంది. అందులోనూ రెండు కోణాలు ABకి చెరో వైపున ఉండాలి. ఒకే వైపున ఉన్నవి తీసుకుంటే అవి సమానం కావాలని లేదు, వాటి మొత్తం 180° అవుతుంది.

ఇంకో నిరూపణ నెట్‌లో బాగా తిరుగుతుంటుంది, చూడటానికి చాలా తెలివిగా ఉంటుంది. త్రిభుజం కోణాల మొత్తం S అనుకోండి. A నుంచి BC మీద ఏదో ఒక బిందువు K కి గీత గీయండి. ఇప్పుడు రెండు చిన్న త్రిభుజాలు, వాటి కోణాల మొత్తం S + S. అందులో పెద్ద త్రిభుజం కోణాలు మూడూ ఉన్నాయి, అదనంగా K దగ్గర రెండు కోణాలు ఉన్నాయి. ఆ రెండూ ఒకే గీత మీద ఉన్నాయి కాబట్టి 180°. అంటే S + S = S + 180°, కాబట్టి S = 180°. సమాంతర రేఖ లేదు, స్వీకృతం లేదు, మూడు లైన్లలో అయిపోయింది! ఎక్కడ తేడా ఉందో ఒక నిమిషం వెతకండి.

చిన్న త్రిభుజాలు రెండింటికీ, పెద్దదానికీ ఒకే S రాశాం. ఏ ఆకారంలో ఉన్న త్రిభుజానికైనా కోణాల మొత్తం ఒకటే అని ఎవరు చెప్పారు? అది నిరూపించాల్సిన విషయంలోనే పెద్ద ముక్క. వేర్వేరుగా S1, S2, S అని రాస్తే వచ్చేది S1 + S2 = S + 180° మాత్రమే, దాన్నుంచి 180 బయటికి రాదు. సమాంతరాల గురించిన ఆ ఒక్క ఒప్పుదల దొడ్డిదారిన లోపలికి వచ్చేసింది, అంతే.

ఆ ఒప్పుదలను తప్పించుకోలేమా అని గణితజ్ఞులు రెండు వేల ఏళ్లకు పైగా ప్రయత్నించారు. చివరికి లొబచెవ్‌స్కీ 1829లో, బోయాయి 1832లో ప్రచురించిన పనితో దాన్ని వదిలేసినా తర్కంలో ఎక్కడా చిక్కుపడని వేరే జ్యామితి ఉంటుందని తేలింది. అందులో A గుండా BCని కలవని గీతలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. మన నిరూపణను అక్కడ నడిపితే కోణాలను జరపడం వరకూ అంతా సాఫీగా పోతుంది, AD, AE రెండూ BCని కలవవు కూడా. కానీ అవి ఒకే గీత కావు. A దగ్గర కొంచెం వంపు ఉండిపోతుంది, త్రిభుజం కోణాల మొత్తం 180° కంటే తక్కువే వస్తుంది.

గోళం మీద వేరే మెట్టు విరుగుతుంది. భూగోళం మీద ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా రెండు రేఖాంశాలు, వాటి మధ్య 90° తేడాతో, కిందికి గీయండి. భూమధ్యరేఖ ముక్కతో కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. ధ్రువం దగ్గర 90°, కింద రెండు మూలల్లోనూ 90°, మొత్తం 270°. గోళం మీద ‘సరళరేఖలు’ అంటే భూమధ్యరేఖ లాంటి మహావృత్తాలు, ఏ రెండింటిని తీసుకున్నా ఎదురెదురుగా రెండు చోట్ల కలుస్తాయి. మనం P, Q అనే రెండు బిందువులు వచ్చాయి కాబట్టి కుదరదని తోసేసిన చోట, గోళం మీద అది చక్కగా కుదురుతుంది. అందుకే అక్కడ సమాంతర రేఖలే లేవు. మీ నోటుపుస్తకంలోని చదునైన కాగితానికి ఈ బెడద లేదు.

చివరగా మీరు అడిగిన, ఒక కోణం 90° దాటిన త్రిభుజం. వేరే నిరూపణ అక్కర్లేదు. పైన ఎక్కడా ∠A, ∠B, ∠C ఎంతెంత అనే ప్రస్తావన లేదు. B దగ్గర 120° ఉన్న త్రిభుజం గీసి చూడండి, A శీర్షం BC కి ఎడమవైపు బయటికి వాలి ఉంటుంది. AB మధ్యబిందువు చుట్టూ తిప్పితే ఆ 120° కోణం మొత్తం A దగ్గరికి ఎడమవైపు వచ్చి కూర్చుంటుంది, మిగిలిన 60° లో ∠A, ∠C సర్దుకుంటాయి. బొమ్మ గీసేటప్పుడు ఇబ్బందిగా అనిపిస్తే కాగితం తిప్పి, అతి పెద్ద కోణం ఉన్న మూలను పైకి తెచ్చుకోండి. అప్పుడు దానికి ఎదురు భుజం కింద అడ్డంగా ఉంటుంది, రెండు చిన్న కోణాలు దాని చివర్లలో ఉంటాయి, గీత గీయడం తేలిక. ఏ శీర్షం గుండా గీసినా నిరూపణ అదే.

యూక్లిడ్ అయితే గీతను పై మూల గుండా గీయలేదు. BC ని C దాటి కుడికి పొడిగించి, C గుండా AB కి సమాంతరం గీశాడు. అలా గీస్తే ∠A ఏకాంతర కోణంగా, ∠B సదృశ కోణంగా C దగ్గరికి చేరతాయి. దాంతో C దగ్గరి బాహ్యకోణం ∠A + ∠B కి సమానమనే ఫలితం కూడా అదే బొమ్మలో వచ్చేస్తుంది. మీ పాఠంలో బాహ్యకోణ సిద్ధాంతం ఇంకా మిగిలి ఉంటే ఈ రెండో బొమ్మతోనే మొదలుపెట్టండి, రెండూ ఒకేసారి అయిపోతాయి.